మొదటిసారి ‘ఎ’, రెండోసారి ‘ది’... మరి కెప్టెన్ దగ్గర ఎందుకు తప్పింది?

ప్రశ్న: మాస్టారూ, నేను పోర్టు దగ్గర ఓ షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో ఏడాదిగా పనిచేస్తున్నాను. ఓడల ఓనర్లకి రోజూ ఇంగ్లీషులో మెయిల్స్ పెట్టాలి. మొదటిసారి చెబితే ‘ఎ’, రెండోసారి చెబితే ‘ది’ అని బళ్లో నేర్చుకున్నదే పట్టుకుని రాస్తున్నాను. మా మేనేజరు గారు సగం దిద్దేస్తారు. మొన్న “ఎ కెప్టెన్” అని రాస్తే “ది కెప్టెన్” చేశారు. కెప్టెన్ మాట రావడం అదే మొదటిసారి కదండీ అంటే, అలా కాదమ్మా అని ఊరుకున్నారు. ఆ మెయిల్ కింద పెడుతున్నాను, ఎక్కడెక్కడ తప్పో చెప్పండి.

“షిప్ రీచ్డ్ యాంకరేజ్ ఎట్ సిక్స్. ఎ కెప్టెన్ సెడ్ హి నీడ్స్ ది ఫ్రెష్ వాటర్. ఎ సర్వేయర్ వెంట్ ఆన్ బోర్డ్. హి ఫౌండ్ ది క్రాక్ ఆన్ హాచ్ కవర్. ప్లీజ్ సెండ్ యాన్ ఇన్ఫర్మేషన్ అబౌట్ ఎ రిపేర్.”

– ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం:

చూడమ్మా, బళ్లో చెప్పింది అబద్ధం కాదు గానీ అది అసలు సూత్రానికి తోక మాత్రమే. తోక పట్టుకుని వెళ్తున్నావు కాబట్టి మీ మేనేజరుగారి పెన్నుకి పని తగులుతోంది. అసలు సూత్రం నీకు తెలియనిదేమీ కాదు, రోజూ తెలుగులో వాడుతూనే ఉన్నావు.

సాయంత్రం ఇంటికెళ్లి మీ అమ్మగారితో “కాంప్లెక్స్ దగ్గర అరగంట నిలబడ్డానమ్మా, ఒక్క బస్సూ రాలేదు” అంటావనుకో. ఏ కాంప్లెక్స్ అని ఆవిడ అడుగుతారా? అడగరు. ఊళ్లో షాపింగ్ కాంప్లెక్సులు ఎన్నున్నా, వైజాగ్ వాళ్లకి వట్టి కాంప్లెక్స్ అంటే ఆర్టీసీ కాంప్లెక్సే. అదే మాట నిన్న రైలు దిగిన నెల్లూరు ఫ్రెండుతో అను, “ఏ కాంప్లెక్సే?” అని వెంటనే అడుగుతుంది. రెండు చోట్లా ఆ మాట నీ నోట్లోంచి రావడం మొదటిసారే. మారింది వినేవాళ్లు. అమ్మగారికైతే ఇంగ్లీషులో “ది కాంప్లెక్స్”, ఫ్రెండుకైతే “ఎ బస్ స్టేషన్” అని మొదలుపెట్టి, అది ఎక్కడుందో చెప్పి, ఆ తర్వాత నుంచి “ది బస్ స్టేషన్” అనాలి.

అంటే ‘ఎ’ రాయాలా ‘ది’ రాయాలా అన్నది ఎన్నోసారి చెబుతున్నావన్న లెక్క మీద ఆధారపడలేదు. చదివేవాళ్లు ఆ మాట దగ్గర ఆగి “ఏది?” అని అడగాల్సి వస్తుందా రాదా, అదే లెక్క. అడగక్కర్లేకుండా ఏదో తెలిసిపోతుందనుకుంటే ‘ది’. ఇంకా తెలీదు, ఇప్పుడే పరిచయం చేస్తున్నానంటే ‘ఎ’. ఒకసారి పరిచయం చేశాక రెండోసారికి తెలిసిపోయి ఉంటుంది కాబట్టి ‘ది’ వస్తుంది. బళ్లో చెప్పింది ఈ చివరి ముక్క ఒక్కటే. కానీ ఒక సంగతి తెలిసిపోవడానికి ముందు చెప్పి ఉండటం ఒక్కటే దారి కాదు కదా.

(ఇంగ్లీషు వాక్యాల్ని కావాలనే మన లిపిలో రాస్తున్నాను, దానికి కారణం ‘యాన్’ దగ్గర చెబుతాను.)

మన భాషలో ‘ఎ’, ‘ది’ లేవు కాబట్టే మనకీ కష్టం అని అందరూ అంటారు. మాటలు లేవు గానీ తేడా ఉంది. ఈ రెండూ పైకి చదివి చూడు: “హార్బర్‌లో పడవ ఉంది.” “పడవ హార్బర్‌లో ఉంది.” మాటలు అవే, వరస మారిందంతే. మొదటిది వింటే ఏదో ఒక పడవ, నీకు కొత్త కబురు. రెండోది వింటే మనం ఇందాకటి నుంచి అనుకుంటున్న ఆ పడవే, అది ఎక్కడుందో ఇప్పుడు చెబుతున్నారు. ఇంగ్లీషులో మొదటిది “దేర్ ఈజ్ ఎ బోట్ ఇన్ ది హార్బర్”, రెండోది “ది బోట్ ఈజ్ ఇన్ ది హార్బర్”. మనం వరసతో చేసే పనిని వాళ్లు చిన్న మాటతో చేస్తారు. కాబట్టి ఇంగ్లీషు వాక్యం దగ్గర టెన్షన్ పడే బదులు అదే సంగతిని మీ అమ్మగారికి తెలుగులో ఎలా చెబుతావో ఒక్కసారి మనసులో అనుకో, సగం సందేహాలు అక్కడే పోతాయి.

ఇంకో గుర్తు కూడా ఉంది, ‘ని’. ఆదివారం పొద్దున్న ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వచ్చావనుకో, ఏమంటావు? “వంజరం చేప కొన్నాను. చేపని అక్కడే కోయించాను.” కొన్నప్పుడు ‘ని’ లేదు, కోయించినప్పుడు వచ్చింది. “చేపని కొన్నాను” అని మొదటే అంటే వినేవాళ్లకి ఏదో తేడాగా ఉంటుంది, ఏ చేప గురించి అని. ప్రాణం లేని వస్తువులకీ, ఇలా బజార్లో సరుకైపోయిన చేపలాంటి వాటికీ మనం ‘ని’ తగిలించామంటే చాలాసార్లు అది తెలిసిన వస్తువే అయి ఉంటుంది. “ఐ బాట్ ఎ ఫిష్. ఐ గాట్ ది ఫిష్ కట్ దేర్.” ఇక ఇంటికొచ్చాక, “మా ఆయన చేప తినడు” అంటావు, అక్కడ ఏ చేపా కాదు, చేప అనే తిండి. ఇంగ్లీషులో దానికి ముందు ఏమీ ఉండదు: “హి డజ్ నాట్ ఈట్ ఫిష్.” ఒకే మాట, ఒకే ఆదివారం, మూడు రకాలుగా వచ్చింది.

అయితే ఈ ‘ని’ గుర్తు మనుషుల దగ్గర పనిచేయదు. “డాక్టర్ని పిలిచారు” అంటే తెలిసిన డాక్టరైనా తెలియని డాక్టరైనా ‘ని’ రాకతప్పదు. కాబట్టి మనుషుల సంగతి వచ్చినప్పుడు ‘ని’ని నమ్మకు, “ఎవరు?” అని అడుగుతారా లేదా అన్నదే చూసుకో.

ఇప్పుడు కెప్టెన్ దగ్గరికి వద్దాం. ఆటో ఎక్కిన కథతో మొదలుపెడితే సులువు. “ఐ టుక్ యాన్ ఆటో టు మద్దిలపాలెం. ది డ్రైవర్ ఆస్క్‌డ్ ఫర్ టూ హండ్రెడ్ రూపీస్.” డ్రైవర్ గురించి ముందు ఒక్క మాట చెప్పలేదు, అయినా ‘ది’ వచ్చింది. ఎందుకంటే ఆటో అన్నాక డ్రైవర్ ఉంటాడు, ఒక్కడే ఉంటాడు. ఆటో అన్న మాటలోనే డ్రైవరూ ఎక్కి కూర్చున్నాడు, ఏ డ్రైవర్ అని ఎవరూ అడగరు. అదే కథలో టైరు పంక్చరైందనుకో. ముందు టైరైతే ఆటోకి ఒక్కటే, కాబట్టి “ది ఫ్రంట్ టైర్”. వెనక రెండున్నాయి, అందులో ఒకటి పోయిందంటే “ఎ రియర్ టైర్”. దారిలో ఇంకొకరు ఎక్కితే “ఎ ప్యాసింజర్”, ఎందుకంటే ఆటో అనగానే ఆ మనిషి గుర్తుకు రాడు, ఎవరైనా కావచ్చు.

ఓడకీ అంతే. ఓడ అన్నాక కెప్టెన్ ఒకడే, చీఫ్ ఇంజినీర్ ఒకడే, ఇంజిన్ రూమూ ఒకటే. వీటన్నిటికీ మొదటి మాటలోనే ‘ది’. సిబ్బంది మొత్తాన్ని కలిపి “ది క్రూ”. వాళ్లలో ఒకడికి జ్వరం వచ్చిందంటే మాత్రం “ఎ మెంబర్ ఆఫ్ ది క్రూ”. నువ్వు “ఎ కెప్టెన్ సెడ్” అని రాసినప్పుడు ఓనరుకి ఏమనిపిస్తుందో తెలుసా? తన ఓడ కెప్టెన్ కాకుండా ఎవరో ఇంకో ఓడ కెప్టెన్ వచ్చి మంచినీళ్లు అడిగాడేమిటా అని. నీ వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు, కథే మారిపోయింది. మీ మేనేజరుగారు ‘అలా కాదు’ అన్నది దీన్నే అయి ఉంటుంది, చెప్పే ఓపిక లేకపోయింది పాపం.

ఇలా కథ మారిపోవడం నాకూ అనుభవమే. కుర్రతనంలో ఓ చిన్న సంస్థలో ఉత్తరాలు రాసే పని చేశాను, పేరెందుకులే. ఒక కస్టమరు 12,000 రూపాయల బిల్లు కట్టలేదు. గుర్తు చేస్తూ రాయమన్నారు. నేను “వి హావ్ సెంట్ యు ఎ బిల్ ఫర్ ట్వెల్వ్ థౌజండ్ రుపీస్, ప్లీజ్ పే” అని రాసి పంపాను. ఆయన రెండు వారాలు కిమ్మనలేదు. ఫోన్ చేస్తే, “మళ్లీ ఇంకో బిల్లు పంపామన్నారుగా, అది వస్తే రెండూ కలిపి చూద్దామని ఆగాను” అన్నాడు. డబ్బు ఎగ్గొట్టడానికి సాకు దొరికిందా, నిజంగానే అలా అర్థమైందా అన్నది ఇప్పటికీ నాకు డౌటే. కానీ ‘ఎ’ అంటే చదివేవాడు కొత్తది వెతుక్కుంటాడన్న మాట ఆ రోజు నుంచి మర్చిపోలేదు. “ది బిల్ వి సెంట్ లాస్ట్ మంత్” అని ఉంటే ఆయనకి ఆ సాకూ దొరికేది కాదు.

దానికి అద్దంలో బొమ్మలాంటి తప్పు నీ మెయిల్లో ఉంది, “హి ఫౌండ్ ది క్రాక్”. ఇది నువ్వెందుకు రాశావో నాకు తెలుసు. ఓడని తనిఖీ చేసిన సర్వేయరు రిపోర్టు నీ టేబుల్ మీదే ఉంది, ఆ పగులు ఎంత పొడవో, ఎక్కడుందో పొద్దుట్నుంచీ ఫోన్లలో అదే గోల, నీ మనసులో అది పాతబడిపోయింది. నీకు తెలుసు, ఓనరుకి తెలీదు. ఆయన ఎక్కడో ఇంకో దేశంలో పొద్దున్నే లేచి మెయిల్ తెరిచి “ది క్రాక్” చూసి, అయ్యో ముందు మెయిలేదో మిస్సయ్యానని పాత మెయిల్సన్నీ తిరగేస్తాడు. రాసేవాళ్లకి తెలియడం ఇక్కడ పైసాకి పనికిరాదు. “ఐ హావ్ ఎ బ్రదర్” అంటాం, తమ్ముడు ఎవరో మనకి తెలియకనా? వినేవాళ్లకి తెలీదు కాబట్టి. మన వాళ్ల మెయిల్స్‌లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే, ‘ఎ’ మర్చిపోవడం కన్నా ఇది ఎక్కువ నష్టం.

నువ్వు రాసింది సరిగా చేరిందో లేదో నీకు వచ్చే జవాబులే చెబుతాయి. ఓనరు నుంచి “విచ్ వన్?” అనో “వాట్ క్రాక్?” అనో వచ్చిందంటే అక్కర్లేని చోట ‘ది’ పెట్టావు. “ఈజ్ దిస్ ఎ న్యూ వన్?” అని వచ్చిందంటే ‘ది’ ఉండాల్సిన చోట ‘ఎ’ పెట్టావు. పాత మెయిల్స్ తీసి అలాంటి జవాబులు ఎన్ని వచ్చాయో ఓసారి చూసుకో.

రెండోసారి అన్న లెక్కలో ఇంకో మెలిక ఉంది. మాట రెండోసారి రావడం వేరు, వస్తువు రెండోసారి రావడం వేరు. “మా మావయ్య ఒక బోటు కొన్నాడు, చిన్నాన్న కూడా ఒక బోటు కొన్నాడు” అన్నప్పుడు బోటు మాట రెండుసార్లు వచ్చింది గానీ బోట్లు రెండు. ఇంగ్లీషులో రెండు చోట్లా ‘ఎ’నే. తిరగేసి చూస్తే, మాట కొత్తదైనా వస్తువు పాతది కావచ్చు. ఆర్కే బీచ్‌లో కుర్సురా చూపించి బయటి ఊరి చుట్టానికి చెబుతున్నావనుకో: “దేర్ ఈజ్ ఎ సబ్‌మెరైన్ ఆన్ ది బీచ్. ది వెసెల్ సర్వ్‌డ్ ఇన్ ది నేవీ ఫ్రమ్ 1969 టు 2001. ఇన్ 2002 ఇట్ బికేమ్ ఎ మ్యూజియం.” వెసెల్ అన్న మాట అదే మొదటిసారి, అయినా అది ఆ సబ్‌మెరైనే కాబట్టి ‘ది’. వస్తువుల్ని లెక్కపెట్టుకో, మాటల్ని కాదు.

ఆ చివరి “ఎ మ్యూజియం” చూశావా? ఆ సబ్‌మెరైన్, ఆ మ్యూజియం ఒకటే కదా, మరి ‘ది’ ఎందుకు రాలేదంటే, అక్కడ ఏ మ్యూజియం అని చూపించడం లేదు, అది ఏ రకం వస్తువుగా మారిందో చెబుతున్నాం. ఉద్యోగాలూ ఇంతే. “మా నాన్న క్రేన్ ఆపరేటరు” అని తెలుగులో ఉట్టినే అంటాం కాబట్టి “మై ఫాదర్ ఈజ్ క్రేన్ ఆపరేటర్” అనేస్తాం. ఉండాల్సింది “ఎ క్రేన్ ఆపరేటర్”. ఆ ఆఫీసులో ఆ పదవి ఒక్కటే ఉండి, అది ఆయనదే అయితే “ది మేనేజర్” అనొచ్చు.

ఏమీ పెట్టకూడని చోట్ల గురించి చాలామంది పెద్ద పట్టికలు బట్టీ పెడతారు. నన్నడిగితే రెండు ప్రశ్నలు చాలు, ఆ వరసలోనే అడగాలి. ముందు, అది ఏదన్నది చదివేవాళ్లకి తెలుసా? తెలిస్తే ‘ది’, అది ఒకటైనా పదైనా, నీళ్లైనా ఇసకైనా ‘ది’కి పట్టింపు లేదు. తెలీదంటే రెండో ప్రశ్న, అది లెక్కపెట్టగలిగే ఒక్క వస్తువా? అవునంటే ‘ఎ’ గానీ ‘యాన్’ గానీ. కాదంటే, అంటే ఒకటి కన్నా ఎక్కువైనా, అసలు లెక్కకి రానిదైనా, ఖాళీ. “షిప్స్ నీడ్ ఫ్రెష్ వాటర్” అంటే ఓడలన్నవాటికి మంచినీళ్లు కావాలి, ఏ ఓడా అని అడగడానికే లేదు. “ది షిప్స్ నీడ్ ఫ్రెష్ వాటర్” అంటే మనం మాట్లాడుకుంటున్న ఆ రెండు మూడు ఓడలకి. నీ మెయిల్లో కెప్టెన్ అడిగింది మంచినీళ్లు, ఫలానా ట్యాంకరులోవని కాదు. అందుకే అక్కడ ‘ది’ తీసేయాలి. ట్యాంకరు వెళ్లి నీళ్లు పోసి వచ్చాక, రేపటి మెయిల్లో అవి కాస్త ఉప్పగా ఉన్నాయని కంప్లైంట్ వస్తే అప్పుడు “ది వాటర్”.

రెండో ప్రశ్న దగ్గర మన తెలుగు కాస్త మోసం చేస్తుంది. మనకి సలహాలు రెండు ఉంటాయి, వార్తలు పది ఉంటాయి, సామాన్లు ఎన్నైనా ఉంటాయి. ఇంగ్లీషులో అడ్వైస్, న్యూస్, లగేజ్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, ఇన్ఫర్మేషన్, ఇవేవీ లెక్కకి రావు. నీళ్లలాగే. వాటి ముందు ‘ఎ’, ‘యాన్’ నిలబడవు, వెనక ‘స్’ కూడా నిలబడదు. నీ “యాన్ ఇన్ఫర్మేషన్”లో పొరపాటు అది. కానీ నిన్న వాళ్లు పంపిన సమాచారమే అయితే “ది ఇన్ఫర్మేషన్ యు సెంట్ యెస్టర్‌డే” అని నిక్షేపంగా ‘ది’ వస్తుంది, ఎందుకంటే మొదటి ప్రశ్నకే జవాబు దొరికింది, రెండోదాకా వెళ్లక్కర్లేదు.

ఈ రెండు ప్రశ్నల్ని దాటితే లెక్కపెట్టగలిగే ఒక్క వస్తువు ఇంగ్లీషులో ముందు ఏమీ లేకుండా ఒంటరిగా నిలబడటం అరుదు. ‘ఎ’ లేకపోతే ‘ది’, అదీ లేకపోతే ‘మై’, ‘అవర్’, ‘దిస్’ లాంటిదేదో ఒకటి ఉండాలి. నీ మెయిల్ మొదటి మాట “షిప్ రీచ్డ్” అలా ఒంటరిగానే నిలబడింది. టెలిగ్రాముల కాలంలో మాటకింత అని డబ్బులు కట్టేవాళ్లం కాబట్టి అలా రాసేవాళ్లం, పోర్టు మెసేజీల్లో ఆ అలవాటు ఇంకా ఉంది, ఓడలవాళ్ల మధ్య చెల్లిపోతుంది కూడా. ఓనరుకి పెట్టే మెయిల్లో వద్దు. “బై బస్”, “ఎట్ హోమ్”, “ఎట్ నైట్” లాంటివి మాత్రం అరిగిపోయిన మాటలు, వాటికి కారణాలు వెతక్కుండా అలాగే గుర్తుపెట్టుకో. పక్కన నంబరుంటే కూడా ‘ది’ అక్కర్లేదు: “ప్లాట్‌ఫామ్ వన్”, “గేట్ టూ”. అది ఏదన్నది నంబరే చెప్పేసింది కదా.

‘యాన్’ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, అది ‘ఎ’కి ఇంకో రూపం అంతే. అక్షరం చూడకు, శబ్దం విను. దానికి మన లిపంత మంచి సాధనం లేదు, అందుకే వాక్యాలన్నీ ఇలా రాశాను. ఇంగ్లీషు మాటని తెలుగులో రాస్తే అచ్చుతో మొదలైందా, ‘యాన్’. హల్లుతో మొదలైందా, ‘ఎ’. యూనివర్సిటీ ‘య’తో మొదలైంది కాబట్టి “ఎ యూనివర్సిటీ”, ఇంగ్లీషు అక్షరం ఏదైతేనేం. వన్ వే రోడ్డు ‘వ’తో మొదలైంది, “ఎ వన్ వే రోడ్”. అవర్ అంటే గంట ‘అ’తో మొదలైంది, “యాన్ అవర్”. ఎమ్మెల్యే ‘ఎ’తో మొదలయ్యాడు, “యాన్ ఎమ్మెల్యే”. ఒక్క జాగ్రత్త, మన నోట్లో ఎగ్ కాస్తా యెగ్ అయిపోతుంది, ఓల్డ్ కాస్తా వోల్డ్ అయిపోతుంది. ఆ ముందు చేరిన ‘య’, ‘వ’ మనవి, ఇంగ్లీషువి కావు. కాబట్టి “యాన్ ఎగ్”, “యాన్ ఓల్డ్ షిప్”. ఇంకోటి, చూడాల్సింది వెంటనే పక్కనున్న మాటని: “యాన్ ఇంజినీర్” గానీ, మధ్యలో చీఫ్ వచ్చిందా, “ఎ చీఫ్ ఇంజినీర్”.

ఇప్పుడు నీ మెయిల్ నేనైతే ఇలా రాస్తాను: “ది షిప్ రీచ్డ్ ది యాంకరేజ్ ఎట్ సిక్స్. ది కెప్టెన్ సెడ్ హి నీడ్స్ ఫ్రెష్ వాటర్. ఎ సర్వేయర్ వెంట్ ఆన్ బోర్డ్. హి ఫౌండ్ ఎ క్రాక్ ఆన్ ఎ హాచ్ కవర్. ప్లీజ్ సెండ్ ఇన్ఫర్మేషన్ అబౌట్ ది రిపేర్.”

ఓడ ఓనరుదే, మెయిల్ పైన దాని పేరు కూడా ఉంటుంది, కాబట్టి మొదటి మాటకే ‘ది’. యాంకరేజ్ అంటే పోర్టు బయట ఓడలు లంగరేసి ఆగే చోటు, ఓడ వైజాగ్ వస్తోందని ఆయనకి తెలుసు కాబట్టి ఆ చోటు ఏదో అడగడు. కెప్టెన్, నీళ్లు, పగులు సంగతి చెప్పేశాను. హాచ్ కవర్ అంటే సరుకు అరల మీద మూత. సరుకు ఓడకి అలాంటివి చాలా ఉంటాయి, ఆటో వెనక టైర్ల లాగా, అందుకే ‘ఎ’. నిజానికి ఇక్కడ ‘ఎ’ పెట్టి ఊరుకోవడం కన్నా ఏ మూతో చెప్పేయడం మంచిది. రిపోర్టులో నంబరుంటుంది కదా, “ఆన్ హాచ్ కవర్ నంబర్ త్రీ” అని రాస్తే ‘ఎ’ గొడవా ఉండదు, “విచ్ వన్?” అని తిరుగు మెయిలూ రాదు. రిపేరుకి ‘ది’ ఎందుకంటే, పగులు అన్నాక దాన్ని బాగుచేయడం అన్నది దాని వెనకే వచ్చేస్తుంది, ఏ రిపేరు అని ఎవరూ అడగరు. నువ్వు “ఎ రిపేర్” అంటే ఇంకేదో కూడా పాడైందేమో అనుకుంటాడు.

ఇక సర్వేయరు. నువ్వు రాసిన ‘ఎ’నే ఉంచాను గానీ, అది సరైనదో కాదో నీ మెయిల్ చూసి నేను చెప్పలేను. ఓనరే ఫలానా సర్వేయర్ని పంపమని ముందు రోజు మెయిల్ పెట్టి ఉంటే అది “ది సర్వేయర్” అయి తీరాలి. సరుకు వాళ్లో ఇంకెవరో తమ తరఫున పంపించి ఉంటే ‘ఎ’, అప్పుడు ఎవరు పంపారో కూడా ఆ వాక్యంలోనే రాయి, ఓనరు ముందు అడిగేది అదే. రేపు ఆఫీసుకెళ్లగానే మీ మేనేజరుగార్ని ఈ ఒక్కటీ అడుగు.